డ్రమ్ములోకి నీళ్ల పైపు ఎందుకు పెట్టకూడదు: చిన్న సైటు, ఆర్‌ఎంసీ, అడ్‌మిక్చర్లు

శ్లాబు రోజు ట్రాన్సిట్ మిక్సర్ వచ్చి ఆగగానే చాలా సైట్లలో మొదట జరిగే పని, డ్రమ్ములోకి నీళ్ల పైపు పెట్టడం. మాలు గట్టిగా ఉంది, పంపు లాగడం లేదు, కూలీలు సర్దలేకపోతున్నారు అంటారు. మేస్త్రీ చెయ్యి ఊపుతాడు, డ్రైవరు వాల్వు తిప్పుతాడు, నిమిషంలో మాలు జారుగా వచ్చేస్తుంది. పని సులువైంది గనక ఎవరికీ అభ్యంతరం ఉండదు. కానీ ఇది ఆర్‌ఎంసీ, అంటే ప్లాంటులోనే కలిపి బండిలో తెచ్చే రెడీమిక్స్ కాంక్రీటు. అక్కడ నీళ్లు తగ్గించే ప్లాస్టిసైజర్, సెట్టింగును ఆలస్యం చేసే రిటార్డర్ అనే అడ్‌మిక్చర్లు కలిపింది సరిగ్గా ఈ పైపు అవసరం రాకుండా చూడటానికే. ప్లాంటు దూరానికీ, ఎండకూ, సైటులో మాలు దింపే వేగానికీ సరిపడా కెమికల్ పడలేదు గనకే పైపు దాకా వచ్చింది. ఆ లెక్క ఆర్డరు ఇచ్చేటప్పుడే వేసుకోవాలి.

కాంక్రీటులో నీళ్లకు రెండు పనులు. ఒకటి, సిమెంటుతో రసాయనికంగా కలిసి గట్టిపడటం. దానికి కావలసింది కొంచెమే, సిమెంటు బరువులో సుమారు నాలుగో వంతు. రెండోది, కంకర, ఇసుక, సిమెంటు ఒకదాని మీద ఒకటి జారేలా చెయ్యడం. ఎక్కువ నీళ్లు ఖర్చయ్యేది ఇక్కడే. జారడానికి పోసిన నీళ్లు గట్టిపడిన కాంక్రీటులో భాగం కావు. అవి ఉన్న చోట సన్నటి రంధ్రాలు మిగులుతాయి. బలం తగ్గేది ఆ రంధ్రాల వల్లే. తర్వాత ఉప్పు తేమ లోపలి ఇనుము దాకా వెళ్లేదీ వాటి గుండానే.

జారడానికి అన్ని నీళ్లు ఎందుకు కావాలంటే, సిమెంటు రేణువులు నీళ్లలో విడివిడిగా ఉండవు. శనగపిండిని ఒక్కసారిగా నీళ్లలో వేస్తే ఉండలు కట్టినట్టు, సిమెంటూ సన్నటి గుంపులు కడుతుంది. ఆ గుంపుల మధ్య కొంత నీరు చిక్కుకుపోయి పనికి రాకుండా పోతుంది. ప్లాస్టిసైజర్ సిమెంటు రేణువు ఒంటిని అంటుకుని, పక్క రేణువును దూరంగా నెడుతుంది. గుంపులు విడిపోతాయి, చిక్కుకున్న నీరు బయటపడుతుంది, పోసిన నీళ్లతోనే మాలు జారుతుంది.

వీటిలో మూడు తరాలున్నాయి. పాతది కాగితపు గుజ్జు పరిశ్రమలో మిగిలే లిగ్నోసల్ఫొనేట్. అది 5 నుంచి 10 శాతం నీళ్లు తగ్గిస్తుంది, కొంచెం సెట్టింగునూ ఆలస్యం చేస్తుంది. తర్వాత వచ్చిన నాఫ్తలీన్ రకం సూపర్‌ప్లాస్టిసైజర్, సైట్ల మీద ఎస్‌ఎన్‌ఎఫ్ అనేది, 15 నుంచి 25 శాతం దాకా తగ్గిస్తుంది. ఇప్పుడు ప్లాంట్లలో ఎక్కువగా నడిచే పాలీకార్బాక్సిలేట్, పీసీఈ, 25 శాతం దాటి కూడా తగ్గించగలదు. మొదటి రెండూ ముఖ్యంగా విద్యుదావేశంతో రేణువులను విడదీస్తే, పీసీఈ అణువుకు పక్కల వేలాడే పొడుగాటి గొలుసులు రేణువులను దగ్గరికి రాకుండా అడ్డుపడతాయి. అందుకే పీసీఈ కొంచెం వేసినా చాలు, మాలు జారుగా ఎక్కువసేపు నిలిచేలా కూడా దాన్ని తయారు చెయ్యవచ్చు.

ఇది ఎంత తేడానో ఒక ఇంటి శ్లాబు మీద చూద్దాం. అమలాపురం దాటి కాలువ గట్టు వెంట లోపలికి ఉన్న ఒక ఊళ్లో 1,200 చదరపు అడుగుల శ్లాబు, మందం 5 అంగుళాలు అనుకుందాం. శ్లాబు వరకు 500 ఘనపుటడుగులు, అంటే 14 ఘనపు మీటర్ల పైన. బీములు కలిపితే 18 ఘనపు మీటర్లు. మూడు ట్రాన్సిట్ మిక్సర్లు, ఒక్కోదానిలో ఆరు. పంపుతో పోయాలి గనక స్లంపు, అంటే శంకువులో నింపి ఎత్తితే మాలు కుంగే ఎత్తు, 120 మిల్లీమీటర్లకు అటూ ఇటూ ఉండాలి.

మిక్స్ డిజైన్‌కు వాడే భారత ప్రమాణం ఐఎస్ 10262 ప్రకారం, 20 ఎంఎం కంకరతో 50 మిల్లీమీటర్ల స్లంపుకు ఘనపు మీటరుకు 186 లీటర్ల నీళ్లు లెక్క. స్లంపు ప్రతి 25 మిల్లీమీటర్లు పెరిగినప్పుడు నీళ్లు 3 శాతం పెంచాలి. అలా 125 మిల్లీమీటర్లకు 203 లీటర్లు వస్తాయి. నీళ్లు, సిమెంటు నిష్పత్తి 0.45 ఉండాలంటే 203 లీటర్లకు 450 కిలోల సిమెంటు కావాలి. అదే మంచి సూపర్‌ప్లాస్టిసైజర్ నీళ్లను నాలుగో వంతు తగ్గిస్తే 153 లీటర్లు సరిపోతాయి, సిమెంటు 340 కిలోలు చాలు. ఘనపు మీటరుకు రెండు బస్తాలకు పైగా తేడా. మొత్తం శ్లాబు మీద 40 బస్తాలు. దానికి ప్రతిగా పడిన కెమికల్ సిమెంటు బరువులో 0.8 శాతం అనుకుంటే ఘనపు మీటరుకు 2.7 కిలోలు, శ్లాబు మొత్తానికి 50 కిలోల లోపే. సిమెంటు తగ్గితే డబ్బు మిగలడం ఒక్కటే కాదు, వేడి తగ్గుతుంది, ముడుచుకుపోయి వచ్చే పగుళ్లూ తగ్గుతాయి. ఆర్‌ఎంసీలో కెమికల్ కలిపారంటే మాలు నాసిరకం అని అనుమానపడేవాళ్లు ఇంకా ఉన్నారు. నిజానికి పంపు మాలులో కెమికల్ లేదని ప్లాంటువాళ్లు చెబితేనే అనుమానపడాలి.

ఇప్పుడు పైపు సంగతి. ఇదే మాలు సైటుకు వచ్చేసరికి గట్టిపడింది, ఆరు ఘనపు మీటర్ల డ్రమ్ములో 20 లీటర్ల బకెట్లు ఆరు పోశారు. ఘనపు మీటరుకు 20 లీటర్లు. నీళ్లు 153 నుంచి 173 అయ్యాయి, నిష్పత్తి 0.45 నుంచి 0.51కి పెరిగింది. ఘనపు మీటరుకు 5 లీటర్లు అదనంగా పడితే స్లంపు 25 మిల్లీమీటర్లు పెరుగుతుందని, బలం 1.4 మెగాపాస్కల్స్ దాకా తగ్గుతుందని ఒక స్థూలమైన లెక్క ఉంది. ఆ ప్రకారం ఆరు బకెట్లకు అయిదున్నర మెగాపాస్కల్స్ పోయాయి. ఎం30 అంటే 28 రోజులకు 30 మెగాపాస్కల్స్ బలం రావాల్సిన మాలు. దాన్ని సగటున 38 వచ్చేలా డిజైన్ చేస్తారు గనక పరీక్షకు పోసిన క్యూబు ఇంకా 30 పైనే పగలొచ్చు. రిపోర్టులో పాస్ అని వస్తుంది. అందరూ నిశ్చింతగా ఉంటారు.

గోదావరి డెల్టాలో ఈ నిశ్చింత పనికిరాదు. సముద్రపు గాలికి ఎదురుగా ఉండే కాంక్రీటును ఐఎస్ 456 తీవ్రమైన వాతావరణంగా లెక్కిస్తుంది. దానికి కనీసం ఎం30, కనీసం 320 కిలోల సిమెంటు, నిష్పత్తి 0.45 దాటకూడదు అని షరతు. అంతర్వేది, నరసాపురం వైపు ఇళ్లకు ఇది వర్తిస్తుందని అడగకుండానే తెలుస్తుంది. భూగర్భజలం ఉప్పుగా మారిన ఊళ్లలో, చేపల, రొయ్యల చెరువుల మధ్య కట్టే ఇళ్లలో పునాదులకు కూడా ఇదే జాగ్రత్త కావాలి. క్యూబు కొలిచేది 28వ రోజు బలాన్ని. ఉప్పు తేమ ఇనుము దాకా ఎప్పటికి చేరుతుందో అది చెప్పదు. అందుకే 0.51తో పాస్ అయిన శ్లాబు కింద కొన్నేళ్లకే పెచ్చులు ఊడి, ఎర్రగా తుప్పు పట్టిన కడ్డీ కనబడుతుంది. చిన్న ఇళ్లకు ఎం20 చాలు అనే అలవాటు ఇలాంటి చోట పనికిరాదు.

పైపు అవసరం రాకుండా చెయ్యాలంటే కాలం లెక్క తెలియాలి. ఇక్కడే రిటార్డర్ వస్తుంది, ఇక్కడే ఎక్కువమంది పొరబడతారు కూడా. మాలు గట్టిపడటంలో రెండు వేర్వేరు విషయాలున్నాయి. ఒకటి స్లంపు పడిపోవడం. సిమెంటులోని అల్యూమినేటు, జిప్సం మొదటి నిమిషాల నుంచే నీళ్లను లాక్కుంటూ, కెమికల్‌ను కూడా కొంత మింగుతూ, మాలును బిరుసుగా చేస్తాయి. రెండోది సెట్ అవ్వడం. సిలికేటు నుంచి జిగురు పెరిగి రేణువులను కట్టేయడం అది, గంటల తర్వాత మొదలవుతుంది. రిటార్డర్ ప్రధానంగా రెండోదాన్ని ఆపుతుంది. గ్లూకోనేటు లాంటి పదార్థాలు రేణువుల మీద పొరలా పట్టుకుని, కొత్త జిగురు మొలవకుండా కొన్ని గంటలు అడ్డుకుంటాయి. స్లంపు నిలబడటానికి మాత్రం రిటార్డర్ ఒక్కటే చాలదు, ఆ పని సూపర్‌ప్లాస్టిసైజర్ రకం మీద, మోతాదు మీద ఆధారపడుతుంది. కాబట్టి ఇంకా సెట్ కాని మాలు కూడా పంపులో పోకపోవచ్చు. మాలు బిరుసెక్కింది, సెట్ అయిపోతోంది అని కంగారుపడి నీళ్లు పోసే చోట చాలాసార్లు జరిగింది స్లంపు పడిపోవడం మాత్రమే.

మన శ్లాబుకు కాలం లెక్క వేద్దాం. ప్లాంటు 35 కిలోమీటర్ల దూరం. హైవే మీద కొంత, మిగతాది గట్టు రోడ్డు. బండి గంటా పదిహేను నిమిషాలు తీసుకుంటుంది. ఉదయం 5:30కి లోడు అయితే 6:45కి సైటు దగ్గర. పంపు పైపులు తడిపి, స్లంపు చూసి మొదలుపెట్టేసరికి 7:00. పంపుతో ఆరు ఘనపు మీటర్లు దింపడానికి అరగంట పైన, 7:35 అనుకుందాం. నీళ్లు కలిపిన దగ్గర్నుంచి రెండు గంటల అయిదు నిమిషాలు. ఆర్‌ఎంసీ కోడు ఐఎస్ 4926 మామూలుగా ఇచ్చే గడువు రెండు గంటలు. రిటార్డర్ వాడితే ఆ గడువు పెంచుకోవచ్చని కూడా అదే కోడు ఒప్పుకుంటుంది. అంటే అన్నీ సవ్యంగా జరిగినా ఈ సైటుకు రిటార్డర్ కావాల్సిందే.

సవ్యంగా జరగకపోతే? రెండో బండి గట్టు మీద ధాన్యం లారీకి ఎదురుపడి గంట ఆలస్యమైందనుకోండి. 7:35కి ఆగిన పోత 9:00 దాటాకగానీ మళ్లీ మొదలు కాదు. మొదటి బండి మాలు అప్పటికి మూడున్నర గంటల వయసులో ఉంటుంది. మే నెల ఎండలో, రిటార్డర్ లేని మాలు ఆ వేళకు సెట్ మొదలైపోయి ఉండొచ్చు. దాని అంచున కొత్త మాలు పోస్తే రెండూ కలవవు, మధ్యలో కోల్డ్ జాయింట్ మిగులుతుంది. వానాకాలంలో ఆ గీత వెంటే శ్లాబు కారుతుంది. దీన్ని తెలుసుకోవడానికి సులువైన పరీక్ష ఉంది. నడుస్తున్న వైబ్రేటర్ నీడిల్‌ను పాత అంచులో ఆనించాలి. తన బరువుతోనే దిగి, తీసేటప్పుడు గుంత దానంతట అదే పూడుకుంటే ఇంకా కలుస్తుంది. నీడిల్ దిగకపోయినా, గుంత అలాగే ఉండిపోయినా అక్కడ కలిసే అవకాశం అయిపోయింది. ఆ పరిస్థితి రాకుండా ఈ శ్లాబుకు ప్రారంభ సెట్టింగు ఆరు గంటల దాకా ఉండేలా మాలు కావాలని ప్లాంటుకు చెప్పాలి.

పంపు రాని సందు అయితే లెక్క ఇంకా మారుతుంది. పాలకొల్లు, మండపేట లాంటి ఊళ్ల లోపలి వీధుల్లో బూమ్ పంపు నిలపడానికి చోటు ఉండదు. బండిని వీధి మొదట్లో ఆపి, మాలును తట్టలతో, లిఫ్టుతో పైకి చేర్చాల్సి వస్తుంది. అలా ఆరు ఘనపు మీటర్లు దింపడానికి గంటన్నర, రెండు గంటలు పడుతుంది. ప్లాంటు పది కిలోమీటర్లలోనే ఉన్నా సరే, దారి కంటే దింపడానికే ఎక్కువ సమయం పోతుంది. చిన్న సైటువాళ్లు ప్లాంటుకు దూరం చెబుతారు గానీ దింపే వేగం చెప్పరు. ప్లాంటువాళ్లు పంపు ఉందనుకుని మాలు కలుపుతారు. చివరి రెండు ఘనపు మీటర్లకు పైపు పెడతారు. ఇలాంటి చోట రిటార్డర్ మోతాదు పెంచడం కంటే బండికి మూడు నాలుగు ఘనపు మీటర్లే తెప్పించుకోవడం మేలు. ట్రిప్పుల ఖర్చు పెరుగుతుంది, అయినా అది నీళ్ల మాలు ఖరీదు కంటే తక్కువే.

బండి వచ్చాక ముందు చెలాను చూడాలి. దాని మీద గ్రేడు, సిమెంటు ఎంత, అడ్‌మిక్చర్ ఏ రకం, స్లంపు ఎంత, లోడు చేసిన సమయం ఉంటాయి. లోడు సమయం చేత్తో దిద్ది ఉంటే అడగాలి. తర్వాత డ్రమ్మును కాసేపు వేగంగా తిప్పించి, స్లంపు శంకువుతో చూడాలి. శంకువు ఎత్తు 300 మిల్లీమీటర్లు. నింపి, పొరపొరకూ 25 పోట్లు పొడిచి, నిట్టనిలువుగా ఎత్తితే మాలు ఎంత కుంగిందో అదే స్లంపు. అంకెతో పాటు కుంగిన మాలు రూపం కూడా చూడాలి. మధ్యలో కంకర కుప్పగా నిలిచి, చుట్టూ పలచటి సిమెంటు నీళ్లు వలయంలా పారితే కెమికల్ ఎక్కువైందని గానీ, నీళ్లు ఎక్కువయ్యాయని గానీ అర్థం. ఆ మాలు పంపులో కంకర, సిమెంటు పాలు వేరై పైపును పట్టేస్తుంది.

స్లంపు తక్కువగా ఉంటే సరైన మార్గం, ప్లాంటు మనిషి తెచ్చిన అదే సూపర్‌ప్లాస్టిసైజర్‌ను కొలిచి రెండో దఫా వెయ్యడం. వేశాక డ్రమ్మును పూర్తి వేగంతో కనీసం అయిదు నిమిషాలు తిప్పాలి. ఆరు ఘనపు మీటర్లకు ఆరు నిమిషాలు అనుకుంటే సులువుగా గుర్తుంటుంది. అంతకంటే తక్కువ తిప్పితే డ్రమ్ము నోటి దగ్గరి మాలు జారుగా, అడుగున ఉన్నది బిరుసుగా మిగులుతుంది. ఈ దఫాకు కూడా హద్దుంది. మొదట వేసింది, ఇప్పుడు వేసింది కలిపి ప్లాస్టిసైజర్ అయితే సిమెంటు బరువులో 1 శాతం, సూపర్‌ప్లాస్టిసైజర్ అయితే 2 శాతం దాటకూడదని ఐఎస్ 456 చెబుతుంది. పీసీఈకి ఆ అంచు దాకా వెళ్లే అవసరమే రాదు, అంతకు చాలా ముందే కంకర, పాలు వేరవడం మొదలవుతుంది. మాలు ఇప్పటికే సెట్ మొదలై వేడెక్కి ఉంటే రెండో దఫా పనిచెయ్యదు. ఆ బండిని వెనక్కి పంపాల్సిందే.

అదే ప్లాంటు, అదే గ్రేడు, అదే దూరం అయినా ఒక రోజు వచ్చినట్టు మరో రోజు రాదు. దానికి కారణం తరచుగా ఇసుకలో ఉంటుంది. గోదావరి ఇసుక రేవు నుంచి తడిగా వస్తుంది. ఘనపు మీటరుకు 750 కిలోల ఇసుక పడితే, అందులో 4 శాతం తడి అంటే 30 లీటర్ల నీళ్లు, మొత్తం నీళ్లలో అయిదో వంతు. ప్లాంటు తడిని కొలిచి ఆ మేరకు నీళ్లు తగ్గించాలి. వాన పడిన మర్నాడు ఆ కొలత తప్పితే మాలు ఉన్నట్టుండి పలచబడుతుంది. పీసీఈ మాలు ఇలాంటి తేడాను పాత కెమికల్స్ కంటే ఎక్కువగా పైకి చూపిస్తుంది. ఇక ఒండ్రు. వరద తర్వాత తీసిన ఇసుకలో సన్నటి బంకమట్టి ఉంటే, పీసీఈ గొలుసులు ఆ మట్టి పొరల్లోకి దూరి అక్కడే చిక్కుకుంటాయి. సిమెంటుకు మిగిలేది తక్కువ, ప్లాంటులో బాగున్న స్లంపు అరగంటలో పడిపోతుంది. నది ఇసుకలో సన్నటి మట్టి బరువులో 3 శాతం దాటకూడదని ఐఎస్ 383 చెబుతుంది. పారదర్శకమైన గ్లాసులో ఇసుక, నీళ్లు కలిపి కుదిపి కొన్ని గంటలు వదిలితే పైన తేరుకున్న మట్టి పొర మందమే చాలావరకు విషయం చెప్పేస్తుంది. ఇది ల్యాబు పరీక్షకు బదులు కాదు, కానీ లోడు దింపుకోవాలా వద్దా అని తేల్చుకోవడానికి సరిపోతుంది.

సైటులోనే మిల్లరుతో కలిపే చోట వేరే లెక్క. పునాది ఫుటింగులకు మాలు కలిపిన పావుగంటలో గోతిలో పడుతుంది, 50 నుంచి 75 మిల్లీమీటర్ల స్లంపు చాలు, వైబ్రేటర్ ఉంది. అక్కడ రిటార్డర్‌తో పనే లేదు. ప్లాస్టిసైజర్ వేస్తే సిమెంటు కాస్త మిగలొచ్చు, వెయ్యకపోయినా నష్టం లేదు. కడ్డీలు దట్టంగా ఉన్న బీము, కాలమ్ కలిసే చోట మాత్రం కంకర ఇరుక్కుని తేనెపట్టులా బోలు పడుతుంది. నీళ్లు పెంచకుండా మాలును అక్కడికి దించాలంటే ప్లాస్టిసైజర్ కావాలి. మెత్తటి నేల వల్ల భీమవరం వైపు చిన్న భవనాలకు కూడా పైల్స్ వేసేటప్పుడు నీళ్లలో అడుగు దాకా దించే ట్రెమీ పైపుతో పోసే మాలుకు 150 నుంచి 180 మిల్లీమీటర్ల స్లంపు ఉండాలి, పైలు పూర్తయ్యేదాకా అది కదులుతూ ఉండాలి. సూపర్‌ప్లాస్టిసైజర్, రిటార్డర్ రెండూ తప్పనిసరిగా కావలసిన పని అది.

హార్డ్‌వేర్ షాపుల్లో దొరికే వాటర్‌ప్రూఫింగ్ లిక్విడ్ బస్తాకు 200 మిల్లీలీటర్లు వేసే రకం చాలామంది మేస్త్రీలకు అలవాటు. వీటిలో చాలావాటిలో ఉండేది ప్లాస్టిసైజరే. దాన్ని వేసి నీళ్లు తగ్గిస్తే మాలు చిక్కబడి కారడం తగ్గుతుంది. వేసి, నీళ్లు మాత్రం ఎప్పటిలాగే పోస్తే మాలు మరీ పలచబడుతుంది, కారకుండా ఉండటానికి ఏమీ మిగలదు. ఆర్‌ఎంసీ బండిలో ఈ డబ్బా ఒంపడం అసలే కూడదు. ప్లాంటులో వేసిన కెమికల్ వేరు, ఇది వేరు. రెండూ పొసగక మాలు ఉన్నట్టుండి బిగుసుకోవచ్చు, గంటలకొద్దీ సెట్ కాకుండానూ ఉండొచ్చు.

తొందరగా గట్టిపరిచే యాక్సిలరేటర్లు డెల్టాలో ఇంటి పనికి దాదాపు అక్కర్లేదు. ఇక్కడ చలికాలం కూడా సిమెంటు పని ఆగేంత చల్లగా ఉండదు. గడ్డకట్టే మంచు నుంచి కాపాడే గాలి బుడగల కెమికల్స్ సంగతి ఎత్తనక్కర్లేదు. పాతకాలపు చౌక యాక్సిలరేటర్ క్యాల్షియం క్లోరైడ్‌తో మాత్రం ప్రమాదం ఉంది. ఇనుము ఉన్న కాంక్రీటులో అన్నిటి నుంచీ కలిపి క్లోరైడు ఘనపు మీటరుకు 0.6 కిలో దాటకూడదని ఐఎస్ 456. సిమెంటులో 2 శాతం క్యాల్షియం క్లోరైడ్ వేస్తే 340 కిలోలకు 6.8 కిలోలు, అందులో క్లోరైడే 4 కిలోలకు పైన. హద్దుకు ఏడు రెట్లు. దీనికి తోడు తీరం దగ్గర బోరు నీళ్లలోనే క్లోరైడు ఉంటుంది. ఇనుప కాంక్రీటుకు లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటని నీళ్లే వాడాలి. క్యూరింగుకు కూడా ఉప్పు బోరు నీళ్లు కట్టకూడదు, ఆరిన ప్రతిసారీ ఉప్పు పైపొరలో పేరుకుంటుంది. ఏ డబ్బా కొన్నా దాని మీద క్లోరైడు శాతం, ఐఎస్ 9103 గుర్తు ఉన్నాయో లేదో చూడటం అందుకే.

పంచదార కూడా రిటార్డరే. సిమెంటులో 0.05 శాతం, అంటే 340 కిలోలకు 170 గ్రాములు, సెట్టింగును కొన్ని గంటలు వెనక్కి నెడుతుంది. కిలో దాకా పడితే మాలు రోజుల తరబడి సెట్ కాదు. బండి దారిలో చెడిపోయినప్పుడు డ్రమ్ము గడ్డకట్టకుండా డ్రైవర్లు పంచదార వెయ్యడం ఇందుకే. ఆ మాలు తర్వాత ఏ సైటుకూ పోకూడదు. బెల్లం వండే ఊళ్లలో బెల్లం అంటిన డ్రమ్ముల్లో నీళ్లు పట్టి మాలు కలిపితే అక్కడక్కడ సెట్ కాని మచ్చలు రావడానికి కారణమూ ఇదే.

ఇక సెట్ ఆలస్యమైన శ్లాబు. మే నెల మోతాదునే పుష్య మాసపు మంచులో వేసినా, ఫ్లైయాష్ ఎక్కువున్న సిమెంటుకు అదే మోతాదు వేసినా, సాయంత్రానికి గట్టిపడాల్సిన శ్లాబు మర్నాడు పొద్దున కూడా వేలు నొక్కితే దిగుతుంది. ముందు చూడాల్సింది అది ఎక్కడెక్కడ అలా ఉందో. ఒక బండి మాలు పడిన మేర అంతా ఒకేలా మెత్తగా ఉంటే ఆ బండిలో రిటార్డర్ ఎక్కువైంది. మచ్చలు మచ్చలుగా ఉంటే రెండో దఫా కెమికల్ సరిగ్గా కలవలేదు. పైన గట్టిగా తోచినా మోసపోకూడదు. ఎండకు పైపొర పెచ్చులా ఆరి, లోపల పచ్చిగానే ఉండొచ్చు, మేకు గుచ్చి చూస్తే తెలుస్తుంది.

రిటార్డర్ ఒక్కటే కారణమై, ఒకటి రెండు రోజుల్లో సెట్ అయితే 28 రోజుల బలం సాధారణంగా మామూలుగానే వస్తుంది. ఈలోగా శ్లాబు ఎండిపోకుండా చూడటమే అసలు పని. ఆలస్యంగా సెట్ అయ్యే మాలు వడగాలికి ఎక్కువసేపు బయటపడి ఉంటుంది గనక పైన సన్నటి పగుళ్లు త్వరగా వస్తాయి. పాలిథిన్ పట్టా కప్పి ఉంచాలి. పగుళ్లు కనబడ్డ వెంటనే, మాలు ఇంకా మెత్తగా ఉండగానే, చెక్కతో గట్టిగా రుద్దితే మూసుకుంటాయి. సెట్ కాకముందు నీళ్లు కట్టకూడదు, పైపొర సిమెంటు కొట్టుకుపోతుంది. పైన ఎవరూ నడవకూడదు. మూడు రోజులు దాటినా మేకు దిగుతుంటే స్ట్రక్చరల్ ఇంజనీరును పిలిచి, ఆ బండి నుంచి తీసిన క్యూబులు పగలగొట్టించాలి. 18 ఘనపు మీటర్ల పోతకు కోడు అడిగేవి మూడు శాంపిళ్లు, ఒక్కో శాంపిలుకు మూడు క్యూబులు. బండికొకటి చొప్పున తీసి, ఏ బండి మాలు ఎక్కడ పడిందో రాసుకుని ఉంటేనే అవి అక్కరకొస్తాయి. సెంట్రింగు విప్పే రోజులు కూడా పోసిన రోజు నుంచి కాకుండా సెట్ అయిన రోజు నుంచి లెక్కపెట్టాలి. 4.5 మీటర్ల లోపు స్పానున్న శ్లాబుకు సపోర్టులు ఏడు రోజులు, ఆపై స్పానుకు పద్నాలుగు, ఆరు మీటర్ల లోపు బీముకు పద్నాలుగు అన్నవి మామూలు ఓపీసీ సిమెంటుకు చెప్పిన కనీసాలు. ఫ్లైయాష్ కలిసిన పీపీసీ అయినా, సెట్ ఆలస్యమైనా ఆపైన ఇంకొన్ని రోజులు ఉంచి, ఏడో రోజు క్యూబు ఫలితం చూశాకే ఇంజనీరు చేత విప్పే రోజు నిర్ణయింపజేయాలి.